సదస్సు రాపోర్టర్ నివేదిక: చర్చ నుంచి సిఫార్సు వరకు

ప్రశ్న: రెండు రోజుల సదస్సుకు నన్ను రాపోర్టర్‌గా ఉండమన్నారు. సెషన్ల సారాంశం, ముఖ్యాంశాలు, సిఫార్సులు, తదుపరి చర్యలు అన్నీ కలిపి నిర్వాహకులకు నివేదిక ఇవ్వాలి. ఎంత వివరంగా రాయాలి? సభలో ఏకాభిప్రాయం రాని విషయాలను సిఫార్సులుగా రాయవచ్చా? నా అభిప్రాయం చేర్చవచ్చా?

సమాధానం:

నిర్వాహకులు రాపోర్టర్ నివేదికను రెండు పనులకు వాడుకుంటారు. సదస్సుకు రాలేకపోయిన వారికీ, నిధులిచ్చిన వారికీ అక్కడ ఏం జరిగిందో చెప్పడం మొదటిది. అక్కడ తేలిన విషయాల మీద ఎవరితో ఏ పని చేయించాలో నిర్ణయించుకోవడం రెండోది. నేను చూసిన నివేదికల్లో ఎక్కువ భాగం మొదటి పనికి సరిపోయాయి, రెండో పనికి పనికిరాలేదు. ఒక వక్త తన తరఫున అన్న మాట, సభ ఒప్పుకున్న మాట, రాపోర్టర్ తనకు తానుగా గమనించిన విషయం, ఈ మూడూ ఒకే పేరాలో ఒకే గొంతుతో కలిసిపోవడమే దానికి కారణం. చదివేవారికి ఏది ఎవరిదో తెలియనప్పుడు, దాని మీద ఉత్తర్వు రాయడానికి గానీ డబ్బు ఖర్చు పెట్టడానికి గానీ ఎవరూ ముందుకు రారు. మీరు అడిగిన మూడు సందేహాలూ ఈ మూడింటిని చివరిదాకా విడివిడిగా ఉంచితే తీరిపోతాయి.

సదస్సుకు వారం ముందే నిర్వాహకుల దగ్గర కాన్సెప్ట్ నోట్, కార్యక్రమ పత్రం, పేపర్ల సంగ్రహాలు తీసుకోండి. కాన్సెప్ట్ నోట్‌లో సదస్సు ఏ ప్రశ్నలకు జవాబు వెతుకుతోందో సాధారణంగా మూడు నాలుగు వాక్యాల్లో ఉంటుంది. ఆ ప్రశ్నలను మీ నోటుపుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకుంటే, ఏది ముఖ్యాంశమో, ఏది పక్కదారి పట్టిన చర్చో గుర్తుపట్టడానికి వినేటప్పుడే ఒక కొలత దొరుకుతుంది. అదే సమయంలో వక్తల పేర్లు రాయవచ్చా లేదా అన్నది కూడా అడిగి తెలుసుకోండి. కొన్ని సదస్సులు చాతమ్ హౌస్ నియమం కింద జరుగుతాయి. లండన్‌లోని ఆ సంస్థ 1927లో రూపొందించిన ఈ నియమం ప్రకారం, సభలో విన్న సమాచారాన్ని ఎవరైనా వాడుకోవచ్చు కానీ, అది ఎవరు చెప్పారన్నది గానీ, వారు ఏ సంస్థకు చెందినవారన్నది గానీ బయట పెట్టకూడదు. అటువంటి సభలో పేరు తీసేసి ‘ఒక ప్రభుత్వ గ్రంథాలయ అధికారి’ అని రాసినా, సభలో అటువంటి అధికారి ఒక్కరే ఉంటే నియమం తప్పినట్టే. కాబట్టి ఈ విషయం ముందే తేల్చుకోకపోతే నివేదిక పూర్తయ్యాక సగం వాక్యాలు మళ్ళీ రాయవలసి వస్తుంది.

ఇక నోట్స్ విషయం. రికార్డింగ్ ఉంటుంది కదా అన్న ధీమాతో కూర్చోవద్దు. గంట రికార్డింగును అక్షరం పొల్లుపోకుండా రాయాలంటే నాలుగైదు గంటలు సులభంగా పడుతుంది. రెండు రోజుల సదస్సుకు ఆ పద్ధతి అసాధ్యం. పైగా ఒక సూచన వినగానే సభలో ఎవరెవరు తలలూపారో, ఎవరు అభ్యంతరం చెప్పబోయి సమయం లేక కూర్చున్నారో రికార్డింగులో దొరకదు. ఒక అంకెను గానీ, ఒక పేరును గానీ సరిచూసుకోవడానికి మాత్రమే దాన్ని వాడండి. నేను పేజీని నిలువుగా మూడు భాగాలు చేసుకుంటాను. ఎడమవైపు సన్నని గడిలో సమయం, మాట్లాడినవారి పొడి అక్షరాలు ఉంటాయి. మధ్యలో వెడల్పు గడిలో విషయం రాస్తాను. కుడివైపు గడిలో ఒకే అక్షరం ఉంటుంది: వక్త సొంత మాటైతే ‘వ’, సభ అంగీకరించినదైతే ‘స’, నేను గమనించినదైతే ‘రా’. ఎవరైనా ఒక పని చేస్తామని మాట ఇస్తే దాని పక్కన ‘చ’ అని రాసి చుట్టూ గీత గీస్తాను. సెషన్ ముగిసి టీకి లేచేలోపు ఈ అక్షరాలు పూర్తి చేయాలి. సాయంత్రానికి వాయిదా వేస్తే ‘వ’కూ ‘స’కూ తేడా జ్ఞాపకంలో చెరిగిపోతుంది.

ఇది కాగితం మీద ఎలా ఉంటుందో చూపడానికి ఒక సెషన్‌ను ఊహించుకుందాం. గ్రంథాలయాల్లోని పాత వార్తాపత్రికల డిజిటలీకరణ మీద సదస్సు జరుగుతోంది. రెండో సెషన్ స్కానింగ్ ప్రమాణాల గురించి. మొదటి వక్త అంగుళానికి 300 చుక్కల సాంద్రతతో స్కాన్ చేస్తే చాలునని, అంతకు మించితే నిల్వ ఖర్చు భరించలేమని అన్నారు. రెండో వక్త చిన్న అక్షరాలతో అచ్చయిన ప్రకటనల పేజీని తెరమీద చూపి, 300 సాంద్రతలో ఒత్తులు, గుణింతపు గుర్తులు విరిగిపోయి యంత్రం తప్పుగా చదువుతోందని, 400 తప్పనిసరి అని వాదించారు. అయితే ఫైలు పరిమాణం ‘రెట్టింపు’ అవుతుందని ఆయనే ఒప్పుకున్నారు. చర్చలో ఒకరు లేచి, బైండు చేసిన సంపుటాల కుట్టు విప్పకుండా స్కాన్ చేస్తే మడత దగ్గరి అక్షరాలు ఏ సాంద్రతలోనైనా వంకరగానే వస్తాయని గుర్తు చేశారు. సభాధ్యక్షులు ముగిస్తూ, అక్షరం పరిమాణాన్ని బట్టి సాంద్రత నిర్ణయించుకోవడం మేలని, అందుకు ముందుగా నమూనా పేజీలు పరీక్షించాలని అన్నారు. ఎవరూ కాదనలేదు. నిల్వ ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న వచ్చింది గానీ, భోజన సమయం కావడంతో చర్చ జరగలేదు.

దీన్ని చాలామంది ఇలా రాస్తారు: ‘ఈ సెషన్‌లో స్కానింగ్ ప్రమాణాలపై లోతైన చర్చ జరిగింది. పలువురు వక్తలు తమ విలువైన అభిప్రాయాలు వెల్లడించారు. నాణ్యమైన డిజిటలీకరణ ఆవశ్యకతను అందరూ నొక్కి చెప్పారు.’ ఈ మూడు వాక్యాలనూ ఏ సదస్సు నివేదికలోనైనా పెట్టవచ్చు. అంటే వీటిలో ఈ సదస్సుది ఏమీ లేదు. నేనైతే ఇలా రాస్తాను:

‘వార్తాపత్రికల స్కానింగుకు అంగుళానికి ఎన్ని చుక్కల సాంద్రత ఉండాలన్నదే ఈ సెషన్‌లో ప్రధాన ప్రశ్న. నిల్వ ఖర్చు దృష్ట్యా 300 చాలునని మొదటి వక్త ప్రతిపాదించగా, చిన్న అక్షరాల పేజీల్లో 300 వద్ద ఒత్తులు విరిగిపోతున్నాయని ఉదాహరణ చూపి, 400 ఉండాలని రెండో వక్త వాదించారు. ఈ విషయంలో ఇద్దరూ ఏకీభవించలేదు. అక్షరం పరిమాణాన్ని బట్టి సాంద్రతను ఎంచుకోవాలని, అందుకు ముందుగా నమూనా పేజీలను రెండు సాంద్రతల్లోనూ పరీక్షించాలని సభాధ్యక్షులు సూచించగా, సభలో అభ్యంతరం వ్యక్తం కాలేదు. బైండు చేసిన సంపుటాల మడత సమస్యను ఒక ప్రతినిధి లేవనెత్తారు. నిల్వ ఖర్చు ఎవరు భరించాలన్నది చర్చకు రాకుండానే మిగిలిపోయింది.’

చివరి వాక్యాన్ని గమనించండి. చర్చకు రాని విషయాన్ని కూడా నమోదు చేయడం రాపోర్టర్ బాధ్యతే. తర్వాతి సమావేశానికి ఎజెండా తయారుచేసేవారికి నివేదికలో బాగా పనికొచ్చేది చాలాసార్లు ఆ వాక్యమే. అలాగే క్రియాపదాల్లో జాగ్రత్త ఉంది: ప్రతిపాదించారు, వాదించారు, లేవనెత్తారు అన్నవి ఒక వ్యక్తికి చెందిన మాటలు. ‘సభలో అభ్యంతరం వ్యక్తం కాలేదు’ అన్నది సభకు చెందింది గానీ, ‘సభ ఏకగ్రీవంగా తీర్మానించింది’ అన్నంత బలమైనది కాదు. మౌనాన్ని ఏకగ్రీవం చేసి రాస్తే, ఆ మౌనంగా ఉన్నవారే నివేదిక చదివి మొదట ఉత్తరం రాస్తారు.

అంకెల దగ్గర మరో జాగ్రత్త అవసరం. ‘రెట్టింపు’ అని వక్త అన్న మాటను అలాగే ఎత్తి రాసే ముందు కాగితం మీద లెక్క కట్టాలి. సాంద్రత 300 నుంచి 400కు పెరిగితే చుక్కల సంఖ్య పొడవులోనూ వెడల్పులోనూ పెరుగుతుంది కాబట్టి, మొత్తం సుమారు 1.78 రెట్లు అవుతుంది. 15 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవు ఉన్న పేజీని నలుపు తెలుపు ఛాయల్లో కుదించకుండా దాచితే 300 వద్ద దాదాపు 30 మెగాబైట్లు, 400 వద్ద దాదాపు 53 మెగాబైట్లు వస్తుంది. రెట్టింపుకు ఇది కొంచెం తక్కువ. వక్త మాటను మీరే దిద్దకూడదు, తెలిసీ వదిలేయకూడదు. ఆయనకు ఆ పేరా పంపి, ‘దాదాపు 1.8 రెట్లు అని రాయమంటారా’ అని అడగండి. సాధారణంగా వెంటనే ఒప్పుకుంటారు. జవాబు రాకపోతే ‘రెట్టింపు అవుతుందని పేర్కొన్నారు’ అని వక్త ఖాతాలోనే ఉంచి, లెక్కను రాపోర్టర్ గమనికలో ఇవ్వండి.

మీ అభిప్రాయానికి చోటు ఆ గమనికే. నివేదిక చివర, సిఫార్సుల తర్వాత ‘రాపోర్టర్ గమనిక’ అనే శీర్షిక కింద ఒక అర పేజీ మీది. వేర్వేరు సెషన్లలో వేర్వేరు మాటలతో వచ్చిన ఒకే సమస్యను కలిపి చూపడం, ఒక సెషన్‌లో చెప్పింది మరో సెషన్‌లో చెప్పినదానికి విరుద్ధంగా ఉందని ఎత్తి చూపడం, అందరూ దాటవేసిన ప్రశ్నను పేర్కొనడం అక్కడ చేయదగిన పనులు. అన్ని సెషన్లలోనూ కూర్చున్నవారు తరచు రాపోర్టర్ ఒక్కరే కాబట్టి, ఈ అర పేజీకి నిజంగా విలువ ఉంటుంది. సెషన్ సారాంశాల్లో మాత్రం ‘చక్కగా వివరించారు’, ‘ఆకట్టుకునేలా ప్రసంగించారు’ వంటి మెచ్చుకోళ్ళు కూడా వద్దు. ఒకరికి రాసి మరొకరికి రాయకపోతే అది తీర్పు అయిపోతుంది.

వివరం ఎంత ఉండాలంటే, రెండు రోజుల సదస్సుకు ఎనిమిది నుంచి పది పేజీలు దాటనివ్వకండి. మొదటి పేజీ మొత్తం సారాంశానిది. తీరిక లేని అధికారి ఆ ఒక్క పేజీనే చదువుతారన్న లెక్కతో, సిఫార్సులు కూడా క్లుప్తంగా అందులోనే ఉండాలి. ఒక్కో సెషన్‌కు ముప్పావు పేజీ నుంచి పేజీ చాలు. అయితే అన్ని సెషన్లకూ సమానంగా పంచనవసరం లేదు. వాదోపవాదాలు గట్టిగా జరిగి కొత్త విషయం తేలిన సెషన్‌కు పేజీన్నర ఇచ్చి, తెలిసిన విషయాలే మళ్ళీ వినిపించిన సెషన్‌ను రెండు పేరాల్లో ముగించవచ్చు. ప్రారంభ సభకు నాలుగు వాక్యాలు సరిపోతాయి. అతిథుల పేర్లు, హోదాలు, కార్యక్రమ పత్రం, పాల్గొన్నవారి జాబితా అనుబంధాల్లోకి వెళ్ళాలి.

ఇప్పుడు సిఫార్సులు. నివేదిక బతికేదీ చచ్చేదీ ఇక్కడే కాబట్టి ఎక్కువ సమయం దీనికే కేటాయించండి. తెలుగులో సిఫార్సు రాయడంలో ఒక చిక్కు ఉంది. ‘నమూనా పేజీలను పరీక్షించాలి’, ‘ప్రమాణాలు రూపొందించాలి’ అని కర్త లేకుండానే వాక్యం నిండుగా వినిపిస్తుంది. చదివిన ప్రతివారూ అది వేరే ఎవరో చేయవలసిన పని అనుకుంటారు. అందుకే ప్రతి సిఫార్సునూ చేయవలసినవారి పేరుతో లేదా హోదాతోనే మొదలుపెట్టండి. పై సెషన్ నుంచి వచ్చే సిఫార్సు ఇలా ఉండాలి:

‘సిఫార్సు 3: నిర్వాహక గ్రంథాలయపు డిజిటలీకరణ విభాగం, తమ సేకరణలోని మూడు వేర్వేరు అక్షర పరిమాణాల పత్రికల నుంచి పదేసి పేజీలను 300, 400 సాంద్రతల్లో స్కాన్ చేసి, యంత్రం చదవడంలో వచ్చిన తప్పులను పోల్చి, ఫలితాన్ని సభ్య గ్రంథాలయాలకు పంపాలి. ఆధారం: సెషన్ 2, సభాధ్యక్షుల ముగింపు సూచన. స్థాయి: సభలో అభ్యంతరం లేదు.’

ఇందులో పేజీల సంఖ్య, పత్రికల సంఖ్య రాపోర్టర్ సొంతంగా పెట్టినవి కాకూడదు. అవి సభలో వచ్చి ఉండాలి, లేదా నిర్వాహకులతో మాట్లాడి పెట్టుకోవాలి. చివరి రెండు ముక్కలు, అంటే ఆధారం, స్థాయి, ఏకాభిప్రాయం గురించి మీరు అడిగినదానికి జవాబు. ఏకాభిప్రాయం రాని విషయాన్ని దాచనవసరం లేదు, సిఫార్సుగా మార్చనూ కూడదు. నేను మూడు స్థాయిలు వాడతాను: సభ స్పష్టంగా అంగీకరించినవి, అభ్యంతరం వ్యక్తం కానివి, భిన్నాభిప్రాయం ఉన్నవి. మొదటి రెండూ సిఫార్సుల కింద వస్తాయి. మూడోది ‘మరింత చర్చ అవసరమైన అంశాలు’ అన్న ప్రత్యేక శీర్షిక కింద, ఇరుపక్షాల వాదనా ఒక్కొక్క వాక్యంలో చెప్పి, ఏ సమాచారం ఉంటే విషయం తేలుతుందో మరో వాక్యంలో చెప్పి వదిలేయాలి. మన ఉదాహరణలో ‘అన్ని పత్రికలకూ 400 సాంద్రత తప్పనిసరి చేయాలా’ అన్నది అక్కడికి వెళ్ళాలి. నమూనా పరీక్ష ఫలితం వస్తే అది తేలుతుందని కూడా రాయవచ్చు. ఒక్క వక్త మాత్రమే చేసిన మంచి సూచన ఉంటే అది ఆయన పేరుతో సెషన్ సారాంశంలోనే ఉండాలి. మీకు నచ్చిందని సిఫార్సుల్లోకి ఎక్కించవద్దు.

సిఫార్సుల సంఖ్య అదుపు తప్పడం మరో మామూలు జబ్బు. రెండు రోజుల్లో వినిపించిన ప్రతి ‘చేయాలి’ని రాస్తే ముప్పై నలభై తయారవుతాయి, ఒక్కటీ జరగదు. ఒకే పనిని రెండు సెషన్లలో వేర్వేరు మాటల్లో చెప్పి ఉంటే కలిపేయండి. ఎవరు చేయాలో ఎంత ఆలోచించినా తేలనివాటిని ముఖ్యాంశాల్లోకి పంపండి. ఎనిమిది, పది మిగిలితే ఆచరించే వీలుంటుంది.

ఈ జాబితాకు సభ ఆమోదం పొందే అవకాశం ఒక్కసారే వస్తుంది. అది ముగింపు సభ. ఆ సభలో రాపోర్టర్‌కు ఇచ్చే పది పదిహేను నిమిషాలను సెషన్ల సారాంశం చదవడానికి ఖర్చు చేయకండి, అందరూ అక్కడే కూర్చుని విన్నారు. రెండు నిమిషాల్లో సదస్సు నడిచిన తీరు చెప్పి, మిగిలిన సమయంలో ముసాయిదా సిఫార్సులను ఒక్కొక్కటిగా తెరమీద చూపి చదవండి. ఒక్కోదాని తర్వాత ఆగి, మార్పులు ఉంటే చెప్పమనండి. ఇందుకు రెండో రోజు భోజన విరామంలో నిర్వాహక కార్యదర్శితో, సభాధ్యక్షులతో అరగంట కూర్చుని ముసాయిదా సిద్ధం చేసుకోవాలి. కాబట్టి ఆ అరగంట కావాలని మొదటి రోజే అడిగి పెట్టుకోండి. సభలో చెప్పిన మార్పులను అప్పటికప్పుడే రాసి, మళ్ళీ చదివి వినిపిస్తే, తర్వాత ‘మేము అలా అనలేదు’ అనే వివాదానికి తావుండదు.

సదస్సు ముగిశాక రెండు మూడు రోజుల్లో ముసాయిదా పూర్తి చేయండి. తర్వాత ఒక్కో వక్తకు ఆయన మాటలున్న పేరాలు మాత్రమే పంపి, నాలుగు రోజుల గడువు పెట్టి, ఆలోగా జవాబు రాకపోతే సరిగ్గానే ఉన్నట్టు భావిస్తామని మర్యాదగా రాయండి. వక్త తాను అన్నదాన్ని మీరు తప్పుగా రాస్తే దిద్దవచ్చు. సభలో అనని విషయాన్ని ఇప్పుడు చేర్చమంటే మాత్రం ఒప్పుకోకండి. అటువంటి కోరిక తప్పకుండా వస్తుంది. అది పెద్దవారి నుంచి వచ్చినప్పుడు, ‘సభలో చర్చకు రాని అంశం కావడంతో సారాంశంలో చేర్చలేకపోతున్నామండి, మీ పేపర్ పూర్తి పాఠాన్ని అనుబంధంగా జత చేస్తాం’ అని రాస్తే వారి మాటా ఉంటుంది, నివేదికా చెడదు.

తదుపరి చర్యల పట్టికను సిఫార్సులతో కలపకుండా విడి పేజీలో పెట్టండి. సిఫార్సు అనేది సభ కోరిక. చర్య అంటే ఒకరు చేస్తానని ఒప్పుకున్న పని. పట్టికలో సిఫార్సు సంఖ్య, చేయవలసిన పని, బాధ్యులు, గడువు, పూర్తయిందని దేన్ని బట్టి తెలుస్తుంది అన్న ఐదు గడులు చాలు. మన సిఫార్సు 3కు మొదటి చర్య ‘నమూనా పేజీల ఎంపిక’, బాధ్యులు డిజిటలీకరణ విభాగం అధిపతి, గడువు మూడు వారాలు, గుర్తు ‘ఎంపిక చేసిన పేజీల జాబితా కార్యదర్శికి అందడం’. రెండో చర్య స్కానింగ్, పోలిక. మూడోది ఫలితాల పంపిణీ. బాధ్యుల గడిలో ఒకే వ్యక్తి లేదా ఒకే హోదా ఉండాలి. ‘అన్ని సభ్య గ్రంథాలయాలు’ అని రాసిన గడి ఖాళీగా వదిలిన గడితో సమానం. ఎవరి పేరు రాస్తున్నారో వారికి ఫోన్ చేసి, పనికీ గడువుకూ ఒప్పుకున్నాకే పట్టికలో ఎక్కించండి. వారు ఒప్పుకోకపోతే ఆ గడిలో ‘నిర్వాహకులు నిర్ణయించాలి’ అని రాయండి. నిర్వాహకులు నివేదిక అందుకున్నాక మొదట చేయవలసిన పని ఏమిటో దాన్ని బట్టి వారికి తెలుస్తుంది.

సిఫార్సులకు ఒకసారి ఇచ్చిన సంఖ్యలను తర్వాత మార్చకండి. మూడు నెలలకు నిర్వాహకులు పురోగతి సమీక్ష పెట్టుకున్నప్పుడు అదే పట్టికకు ‘ప్రస్తుత స్థితి’ అనే ఆరో గడి చేర్చితే సరిపోతుంది. రాపోర్టర్ పని అధికారికంగా నివేదిక ఇవ్వడంతో ముగిసినా, ఆ సమీక్షలో ‘సిఫార్సు 3 అంటే అసలు ఉద్దేశం ఏమిటి’ అని మిమ్మల్ని అడుగుతారు. కాబట్టి మూడు గడుల నోటుపుస్తకాన్ని అప్పటిదాకా దాచి ఉంచండి.